కంఠస్థమా? చీటీయా?
గేట్ మీటింగులో మాట్లాడేవారికి కొన్ని సూచనలు

(శాఖా కార్యదర్శుల శిక్షణా తరగతిలో ఒక విశ్రాంత లోకో పైలట్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం నాకు అప్పగించిన విషయం చిన్నది. శాఖా కార్యదర్శి గేటు దగ్గర పదిమంది ముందు నిలబడి మాట్లాడవలసి వచ్చినప్పుడు, ప్రసంగాన్ని ఆసాంతం వ్రాసుకొని కంఠస్థం చేయాలా? లేక నాలుగు మాటలు చీటీ మీద వ్రాసుకొని, వాటి ఆధారంగా మాట్లాడాలా? మనలో కొందరు మొదటి పద్ధతిని గొప్పగా చెబుతారు, మరికొందరు రెండవదానిని. నేను రెండు పద్ధతులనూ పాటించాను. రెండింటిలోనూ దెబ్బ తిన్నాను. ఆ రెండు దెబ్బలనూ ముందుగా మీకు చెప్పి, వాటి నుండి నేర్చుకొన్నదానిని తరువాత మనవి చేస్తాను.

మొదటి దెబ్బ

శాఖా కార్యదర్శిగా ఎన్నికైన తొలి రోజులలో ఒక షెడ్ గేటు దగ్గర మాట్లాడవలసి వచ్చింది. వారం రోజులు కూర్చొని నాలుగు పేజీల ప్రసంగం వ్రాశాను. ఇంట్లో నడుస్తూ, స్నానం చేస్తూ వల్లె వేశాను. అద్దం ముందు ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. ఆ రోజు గేటు దగ్గర మొదటి మూడు నిమిషాలు చక్కగానే నడిచింది. అంతలో పక్క లైన్‌లో ఒక గూడ్స్ బండి వచ్చింది. యాభైకి పైగా వ్యాగన్లు. ఆ మోతలో మాట్లాడి ప్రయోజనం లేదు గనుక ఆగాను. బండి వెళ్ళిపోయింది. అందరూ నా వైపు చూశారు. నేను ఎక్కడ ఆపానో నాకు తెలియదు.

విషయం నాకు తెలియక కాదు. ఆ సమస్య మీద ఆరు నెలలు ఉత్తరాలు వ్రాసినవాడిని నేనే. కాని ఆ క్షణంలో నేను వెదుకుతున్నది విషయాన్ని కాదు, వాక్యాన్ని. ఆ వాక్యం దొరకలేదు. చివరకు మొదటి వాక్యం నుండి మళ్ళీ ప్రారంభించాను. వెనుక వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉన్నది.

ఇది చిన్నవాళ్ళకు మాత్రమే జరిగేది కాదు. 1904వ సంవత్సరం ఏప్రిల్ 22వ తేదీన బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభలో ఇరవై తొమ్మిదేళ్ళ విన్‌స్టన్ చర్చిల్ మాట్లాడుతున్నాడు. విషయం కార్మిక సంఘాల హక్కులకు సంబంధించిన బిల్లు. ఆ రోజులలో ఆయన తన ప్రసంగాలను ముందుగా వ్రాసి కంఠస్థం చేసేవాడు. సుమారు ముప్పావు గంట మాట్లాడిన తరువాత, ముగింపు దగ్గరలో, ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. తరువాతి మాట రాలేదు. జేబులు వెదికాడు, కాగితం కోసం చూశాడు, సభ్యులు ప్రోత్సహించినా ఫలితం లేకపోయింది. చివరకు తన మాటలు విన్నందుకు సభకు కృతజ్ఞతలు చెప్పి కూర్చొన్నాడు. ఆ తరువాత ఆయన కేవలం జ్ఞాపకాన్ని నమ్ముకొని పెద్ద ప్రసంగం చేయలేదు. చేతిలో వ్రాత ప్రతి లేకుండా సభకు రావడం మానివేశాడు. చర్చిల్ కార్మికులకు గాని, మన స్వాతంత్ర్యానికి గాని మిత్రుడు కాడు. 1926 సార్వత్రిక సమ్మెలో ఆయన ఏ పక్షాన నిలిచాడో మనకు తెలుసు. అయినా ఆయనకు తగిలిన ఆ దెబ్బ నుండి మనం కూడా ఒక పాఠం తీసుకోవచ్చు.

గొలుసు ఎందుకు తెగుతుంది?

కంఠస్థం చేసిన వచనంలో ప్రతి మాటనూ దాని ముందరి మాట లాక్కొని వస్తుంది. అది గొలుసు వంటిది. ఒక లింకు జారితే ఆ తరువాతివన్నీ ఉన్నచోటనే ఉండిపోతాయి. ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు గొలుసును ఎవరూ తాకరు. గేటు దగ్గర మాత్రం నినాదాలు వస్తాయి, మైకు కూస్తుంది, ఎవరో ప్రశ్న వేస్తారు, గూడ్స్ బండి వస్తుంది.

“మన అవధానులు వందలాది మంది ముందు, ఎన్ని ఆటంకాలు కలిగించినా, చివరకు పద్యాలన్నీ అప్పజెబుతారు కదా?” అని ఒక యువ మిత్రుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. అవధాని ధారణ చేసేది పద్యాన్ని. పద్యానికి గణాలు ఉన్నాయి, యతి ఉన్నది, ప్రాస ఉన్నది. ఒక మాట జారిపోతే, అక్కడ ఎన్ని మాత్రల ఖాళీ ఉన్నదో, ఏ అక్షరంతో మొదలు కావాలో ఛందస్సే చెబుతుంది. పైగా ఆ పద్యాన్ని కట్టింది ఆయనే, ఆ కట్టడం కూడా సంవత్సరాల సాధన. మన గేట్ మీటింగు ప్రసంగం వచనం. మాట జారితే ఆ ఖాళీ ఎంతో చెప్పే కొలత వచనంలో లేదు.

కంఠస్థంలో ఇంకొక ప్రమాదం ఉన్నది. అది మరచిపోవడం కంటె పెద్దది. కంఠస్థం చేసిన ప్రసంగం ఆనాటి పరిస్థితికి తగినట్లు మారదు. మీరు ఆదివారం వ్రాసుకొన్నారు, మీటింగు బుధవారం. మంగళవారం సాయంత్రం అధికారులు ఒక కోరికను అంగీకరించారు. లేదా మీకు ముందు మాట్లాడిన సోదరుడు మీ తేదీలన్నీ చెప్పివేశాడు. లేదా అధ్యక్షుడు చెవిలో “మూడు నిమిషాలే” అన్నాడు. కంఠస్థం చేసినవాడు ఏమి చేయగలడు? మధ్యలోని భాగాన్ని తీసివేస్తే గొలుసు తెగుతుంది. అందుచేత వేగం పెంచుతాడు. చూపు సభికుల మీద నుండి తొలగి చూరు వైపు పోతుంది. గొంతు పాఠం అప్పజెప్పే పిల్లవాడి గొంతు అవుతుంది. అది మొదలైనదని మీకు తెలియకపోయినా సభికులకు తెలుస్తుంది. ముందు వరుసలోని వారు మీ ముఖం చూడడం మాని ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. అదే గుర్తు.

రెండవ దెబ్బ

గూడ్స్ బండి అనుభవం తరువాత నేను రెండవ పక్షంలో చేరాను. “ఇకమీదట చీటీయే” అన్నాను. చీటీ మీద ఒక్కొక్క పాయింటుకు ఒక్కొక్క మాట. కొంతకాలం బాగా నడిచింది. స్వేచ్ఛగా మాట్లాడగలిగాను, జనం వైపు చూడగలిగాను.

ఒకసారి డ్యూటీ గంటల విషయమై అధికారులతో చర్చలు జరిగాయి. ఆ సాయంత్రం గేటు దగ్గర వివరించవలసి ఉన్నది. చీటీ మీద “రెండవ అంశం – విశ్రాంతి – ఒప్పందం” అని వ్రాసుకొన్నాను. నా ఉద్దేశం ‘విశ్రాంతి విషయంలో ఒప్పందం కుదరలేదు’ అని. ఆ రోజు నాలుగు గంటలు చర్చలలో కూర్చొని అలసిపోయి ఉన్నాను. వేదిక ఎక్కి, చీటీలో ‘ఒప్పందం’ అనే మాట చూసి, “రెండవ అంశం మీద ఒప్పందానికి వచ్చాం” అని నోరు జారాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నా తప్పు నాకే వినబడలేదు. మరునాటి ఉదయానికి ఆ మాట మూడు షెడ్లకు వెళ్ళింది. దానిని వెనక్కు తీసుకోవడానికి మాకు వారం పట్టింది. “కార్యదర్శి ఏదో ఒప్పుకొని, తరువాత మాట మార్చాడు” అనే అపవాదు పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

సోదరులారా, ఈ తప్పుకు మూలం మన భాష స్వభావంలో ఉన్నది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘అవును’, ‘కాదు’ అనేవి కూడా ఆ చివరనే తేలుతాయి. “ఫిబ్రవరి చర్చలలో మనం కోరిన మూడు అంశాలలో రెండవదానిని అధికారులు...” ఇంతవరకు విన్నవాడికి ఏమీ తెలియదు. ‘ఒప్పుకొన్నారు’ అంటే ఒక అర్థం, ‘ఒప్పుకోలేదు’ అంటే దానికి సరిగా వ్యతిరేకం. చీటీ మీద మనం సాధారణంగా నామవాచకాలే వ్రాస్తాం. వాక్యం యొక్క ప్రాణం ఉన్న చివరి మాటను వదిలేస్తాం. అందుచేత ఆనాటి నుండి నేను పాటిస్తున్న నియమం ఇది. చీటీ మీద విషయాన్ని మాత్రమే కాక, దాని చివరి క్రియను కూడా వ్రాయాలి. ‘విశ్రాంతి’ అని కాదు, ‘విశ్రాంతి – ఒప్పుకోలేదు’ అని.

చీటీకి ఇతర బలహీనతలు కూడా ఉన్నవి. వ్రాసిన రోజున స్పష్టంగా ఉన్న మాట మూడు రోజుల తరువాత మనకే అర్థం కాదు. ‘పెద్దాయన కథ’ అని వ్రాసుకొంటాం. ఏ పెద్దాయన? ఏ కథ? రెండవది, భయం కొద్దీ చీటీని నింపేస్తాం. నిండిన చీటీ చీటీ కాదు, చిన్న అక్షరాలలో వ్రాసిన ప్రసంగమే. అప్పుడు తల దించి చదవడం మొదలవుతుంది, గొంతు మైకును వదిలి గుండెల మీదకు దిగుతుంది. మూడవది, చీటీతో మాట్లాడేవాడికి ముగింపు దొరకదు. “చివరగా ఒక్క మాట” అని మూడుసార్లు అనే వక్తలను మనమందరం చూశాం. ఆ చివరి మాటను ఆయన ముందుగా నిర్ణయించుకోలేదు. అందుకే వెదుకుతున్నాడు.

రోడ్డు తలలో, కాషన్ ఆర్డర్ చేతిలో

అయితే ఏది మంచిది? దీనికి సమాధానం నాకు పుస్తకాలలో కాక ఇంజను మీదనే దొరికింది.

తపాలా సోదరుల కోసం కొంచెం వివరిస్తాను. ఒక సెక్షన్‌లో బండి నడపబోయే లోకో పైలట్ ముందుగా ఆ రోడ్డును నేర్చుకోవాలి. అనుభవం ఉన్నవారి వెంట పగలు, రాత్రి ప్రయాణం చేసి, ఏ సిగ్నల్ ఎక్కడ ఉన్నది, ఎక్కడ ఎత్తు, ఎక్కడ దిగుడు, ఎక్కడ వంపు అనేది తలలో నిలుపుకోవాలి. చాలా కాలం ఆ సెక్షన్‌లో పని చేయకపోతే మళ్ళీ నేర్చుకోవలసిందే. రాత్రి, వర్షంలో, కాగితం చూస్తూ బండి నడపడం సాధ్యం కాదు. రోడ్డు తలలోనే ఉండాలి.

కాని అదే రోడ్డు మీద ఈ వారం ఫలానా కిలోమీటరు దగ్గర ట్రాక్ పని జరుగుతున్నది, అక్కడ ఇరవై కిలోమీటర్ల వేగమే అనుకోండి. దానిని నోటి మాటగా చెప్పి, “జ్ఞాపకం పెట్టుకో నాయనా” అనరు. కాషన్ ఆర్డర్ వ్రాసి చేతికిస్తారు, సంతకం తీసుకొంటారు. ఎంత అనుభవం ఉన్న పైలట్ అయినా దానిని చూసుకోవడం చిన్నతనంగా భావించడు.

ప్రసంగానికి కూడా ఇదే నియమం. మారనిది తలలో ఉండాలి, మారేది కాగితం మీద ఉండాలి. సమస్య ఏమిటి, ఎందుకు వచ్చింది, మనం ఏమి కోరుతున్నాం, ఏ క్రమంలో చెప్పబోతున్నాం? ఇది రోడ్డు. దీనిని మాటలుగా కాక, దారిగా నేర్చుకోవాలి. తేదీలు, అంకెలు, పేర్లు, ఎవరు ఏది ఒప్పుకొన్నారు, ఏది ఒప్పుకోలేదు అనేవి కాషన్ ఆర్డర్. అవి చీటీ మీద ఉండాలి. కంఠస్థం చేయవలసినవి రెండే రెండు వాక్యాలు. ఒకటి మొదటిది, ఎందుకంటే మనిషికి బెదురు ఎక్కువగా ఉండేది మొదటి అర నిమిషంలోనే. రెండవది చివరిది, ఎందుకంటే దిగవలసిన స్టేషన్ ముందే తెలిసి ఉండాలి.

ఒక ఉదాహరణ

ఒక ఆర్.ఎం.ఎస్. సార్టింగ్ ఆఫీసు గేటు దగ్గర ఎనిమిది నిమిషాలు మాట్లాడాలని అనుకొందాం. సమస్య కేవలం ఉదాహరణకు నేను కల్పించినది. రాత్రి సెట్‌లో తొమ్మిది పోస్టులు ఉన్నవి, ఏడు నెలలుగా మూడు ఖాళీగా ఉన్నవి, ఓవర్‌టైం బకాయి ఉన్నది.

చీటీకి పోస్టుకార్డును మించినది లేదు. పద్నాలుగు సెంటీమీటర్ల పొడవు, తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు. అరచేతిలో ఇముడుతుంది. మందంగా ఉంటుంది గనుక గాలికి మడత పడదు, చేయి వణికినా పలుచని కాగితం వలె రెపరెపలాడదు. ఒక వైపే వ్రాయండి. పై మూలలో వరుస సంఖ్య పెద్దగా వేయండి. మూలకు చిల్లు పెట్టి ఆఫీసు ట్యాగ్ కట్టండి, అప్పుడు కింద పడినా క్రమం చెదరదు. ఒక చీటీకి నాలుగు పంక్తులకు మించవద్దు. సాయంత్రం గేటు దీపం వెలుతురులో, చేయి చాచిన దూరంలో చదవగలిగేటంత అక్షరం ఉండాలి. సెల్‌ఫోన్‌లో వ్రాసుకొనేవారు ఉన్నారు. మాట్లాడుతూ ఉండగా తెర ఆరిపోతుంది, లేదా ఇంటి నుండి ఫోన్ వస్తుంది. పోస్టుకార్డుకు ఆ బాధలు లేవు.

మొదటి చీటీ, ఒక నిమిషం. దీని మీద మొదటి వాక్యాన్ని పూర్తిగా వ్రాయండి. “తొమ్మిది మంది చేయవలసిన పనిని ఏడు నెలలుగా ఆరుగురు చేస్తున్నారు.” ఇది కంఠస్థమే, అయినా చీటీ మీద ఉండాలి. ఉన్నదనే ధైర్యం చాలు, చూడవలసిన అవసరం రాదు.

రెండవ చీటీ, రెండు నిమిషాలు. “ఫిబ్రవరి 12 – ఉత్తరం ఇచ్చాం. మార్చి 3 – చర్చ జరిగింది. మూడు ఖాళీలలో ఒకటి – నింపుతామన్నారు. ఓవర్‌టైం బకాయి – ఒప్పుకోలేదు.” ప్రతి పంక్తి చివర క్రియను గమనించండి. ‘ఒప్పుకోలేదు’ కింద ఎర్ర గీత గీయండి.

మూడవ చీటీ, మూడు నిమిషాలు. “మిస్‌సెంట్ సంచి – తెల్లవారుజామున 4 గంటలు – సంజాయిషీ అడిగారు. తప్పు మనిషిది కాదు, ఖాళీది.” ఇది సంఘటన. జరిగినదానిని జరిగినట్లు చెప్పడానికి కంఠస్థం అక్కరలేదు, ఈ మూడు గుర్తులు చాలు. కాని ఆ చివరి వాక్యం మాత్రం చీటీ మీద ఉండాలి. అది లేకపోతే కథ చెప్పి, దేని కోసం చెప్పామో మరచిపోతాం.

నాలుగవ చీటీ, రెండు నిమిషాలు. దీనికి తీర్మానం జత చేసి ఉంటుంది. తీర్మానాన్ని కంఠస్థం నుండి చెప్పకండి, పాయింట్ల నుండి అసలే చెప్పకండి. కాగితాన్ని అందరికీ కనబడేటట్లు పైకెత్తి, అక్షరం పొల్లు పోకుండా చదవండి. ఆందోళన నిర్ణయం, గడువు తేదీ, అధికారుల ఉత్తర్వులోని వాక్యం వంటివన్నీ చదవవలసినవే. చీటీతో మాట్లాడేవాడు మాటలను అప్పటికప్పుడు కూర్చుకొంటాడు. ఆవేశంలో కమిటీ నిర్ణయించని మాట కూడా నోట వస్తుంది. “సమ్మె విషయం ఆలోచిస్తాం” అని కమిటీ అంటే, వేదిక మీద అది “సమ్మె చేస్తాం” అవుతుంది. దాని బరువు మోయవలసింది సభ్యులు. చూసి చదవడంలో సిగ్గు లేదు. ఆ క్షణంలో కాగితం చూసి చదివే కార్యదర్శినే సభ ఎక్కువగా నమ్ముతుంది. తీర్మానం తరువాత చివరి వాక్యం చెప్పి దిగిపోవాలి.

ఇప్పుడు పరీక్షించి చూద్దాం. అధ్యక్షుడు మూడు నిమిషాలే అన్నాడు. మూడవ చీటీని వదిలి, రెండవదాని నుండి చివరి రెండు పంక్తులు చెప్పి, నాలుగవదానికి పోతారు. ముందరి వక్త తేదీలన్నీ చెప్పాడు. “సోదరుడు తేదీలు చెప్పారు, ఫలితం నేను చెబుతాను” అని రెండవ చీటీని ఒక్క వాక్యంలో దాటుతారు. గూడ్స్ బండి వచ్చింది. మీ బొటనవేలు ఏ చీటీ మీద ఉన్నదో ఆ చీటీయే మీరు ఆగిన చోటు.

ఎలా సాధన చేయాలి?

చీటీలు వ్రాసిన తరువాత వాటితో మూడుసార్లు గట్టిగా మాట్లాడండి. మూడుసార్లూ మాటలు వేరుగా రావాలి, దారి ఒకటిగా ఉండాలి. మూడవసారికి అవే మాటలు అదే వరుసలో వస్తున్నవంటే, మీకు తెలియకుండానే కంఠస్థం చేస్తున్నారన్న మాట. అప్పుడు మూడవ చీటీ నుండి మొదలుపెట్టి చూడండి. ఇంట్లోవారిని మధ్యలో ప్రశ్న అడగమనండి. సమాధానం చెప్పి తిరిగి దారిలోకి రాగలిగితే రోడ్డు నేర్చుకొన్నట్లే. గడియారం పెట్టుకోవడం మరువకండి. చీటీ ప్రసంగం ప్రతిసారీ సాగుతుంది, ఇంట్లో ఎనిమిది నిమిషాలు పట్టినది గేటు దగ్గర పది అవుతుంది.

ఇక ఒక్క పరీక్ష ముఖ్యమైనది. మీ చీటీలను ఆ సమస్య తెలియని ఒక సహోద్యోగికి ఇవ్వండి. “ఇందులో ఏది ఒప్పుకొన్నారు, ఏది ఒప్పుకోలేదు?” అని అడగండి. ఆయన సరిగా చెప్పగలిగితే, అలసిపోయిన సాయంత్రం మీరు కూడా సరిగానే చెబుతారు. నా చీటీని ఆనాడు ఎవరికైనా చూపించి ఉంటే, ఆ వారం రోజుల తలవంపు తప్పి ఉండేది.

మధ్యాహ్నం తరగతికి ప్రతి ఒక్కరూ మీ శాఖలోని ఒక సమస్య మీద నాలుగు పోస్టుకార్డులు వ్రాసుకొని రావలసిందిగా కోరుతున్నాను. వాటిని మీ పక్కన కూర్చొన్నవారికి ఇచ్చి, ఇప్పుడు చెప్పిన ప్రశ్న అడుగుదాం. నా చివరి వాక్యం కూడా నా చీటీ మీదనే ఉన్నది, చదువుతున్నాను: రోడ్డు తలలో, కాషన్ ఆర్డర్ చేతిలో. సెలవు.